హార్ప్ ఎటు తిరిగి ఉంది?

ఐర్లండ్ ప్రభుత్వానికి ఒక గుర్తు ఉంది, హార్ప్. తంతివాద్యం, మన వీణకు దూరపు చుట్టం. పాస్‌పోర్టు మీద అదే, యూరో నాణెం మీద అదే, మంత్రిగారి ఉత్తరం నెత్తిన అదే. ఐర్లండ్‌లో గిన్నిస్ అనే నల్ల బీరుకూ ఒక గుర్తు ఉంది. అదీ హార్పే. రెండు బొమ్మలకూ మూలం డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ గ్రంథాలయంలో భద్రంగా ఉన్న ఒకే ఒక్క పాత వాద్యం. కాకపోతే బీరువాళ్లు ముందు లేచారు. 1862లో సీసా మీద అతికించుకుని, 1876లో ట్రేడ్‌మార్కు కూడా రాయించుకున్నారు. దేశం 1922లో గానీ పుట్టలేదు. పుట్టి, తనకో గుర్తు కావాలని చూసుకునేసరికి ఆ సీటు మీద అప్పటికే బీరువాళ్ల తువ్వాలు పరిచి ఉంది. అందుకే సర్కారువారి హార్ప్‌ను అటువైపు తిప్పి గీశారని అక్కడ చెప్పుకుంటారు. ఇటు తిరిగితే బీరు, అటు తిరిగితే సర్కారు.

ఈ దేశంలో మద్యం గురించి జనాన్ని హెచ్చరించాల్సిన పని ఆ రెండో హార్ప్ మీద పడింది.

ఆరోగ్య ప్రచారానికి రూపం, పేరు, రంగు, గుర్తు కలిపి ఒక ‘ఐడెంటిటీ’ తయారుచేసిపెట్టే నిపుణులు ఉంటారు. వాళ్ల మొదటి స్లైడులోనే ఒక వాక్యం ఉంటుంది: చదువు వచ్చినవాడికీ రానివాడికీ ఒకేలా అర్థం కావాలి, అందరూ నమ్మాలి. ఇది ఎంత కష్టమైన పనో తర్వాతి నలభై స్లైడుల్లో వివరిస్తారు. అయ్యా, అంత శ్రమ దేనికి? ఆ పని ఎలా చేయాలో పక్కనే బారులో చూసి రావచ్చు. నల్లటి బీరు, పైన మీగడ రంగు నురగ, గ్లాసు మీద బంగారు హార్ప్. ఒక్క అక్షరం రానివాడు కూడా గది అవతలి గోడ దగ్గర నిలబడి తనకు కావలసింది వేలుతో చూపించగలడు. పొరపాటు పడడు. నమ్మకం సంగతి అడగనే అక్కర్లేదు, నమ్మకం లేకపోతే డబ్బులివ్వడు కదా.

అక్షరాలతో పనిలేదన్నది నా అతిశయోక్తి కాదు. ఐరోపాలో ఆరు దేశాల రగ్బీ పోటీకి గిన్నిస్ స్పాన్సరు. మ్యాచ్ ఫ్రాన్స్‌లో జరిగితే మాత్రం చిక్కు. అక్కడ 1991 నుంచి ఉన్న చట్టం ప్రకారం మైదానంలో మద్యం ప్రకటన ఉండకూడదు. కంపెనీవాళ్లు చట్టాన్ని గౌరవించారు. పేరు తీసేశారు. దాని స్థానంలో అదే అక్షరాల వంపుతో, అవే రంగులతో ‘గ్రేట్‌నెస్’ అని రాశారు. గొప్పతనం అన్నమాట! టీవీ ముందు కూర్చున్నవాడు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడు, ఒక్క చూపులో పోల్చుకుంటాడు. పోల్చుకున్నాడు కూడా. విస్కీ పేరుతో సోడా, మ్యూజిక్ సీడీలు అమ్ముడుపోయే దేశం నుంచి వచ్చిన మనకు ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. ఫ్రెంచివాళ్లు ఆలస్యంగా నేర్చుకున్నారు, అంతే.

ఇప్పుడు సర్కారు వంతు. 2018లో ఐర్లండ్ మద్యంపై ప్రజారోగ్య చట్టం చేసింది. దాని కింద లేబుల్ నిబంధనల మీద ఆరోగ్యమంత్రి 2023 మే 22న సంతకం పెట్టారు. మూడేళ్ల గడువిచ్చి, 2026 మే నుంచి ప్రతి సీసా మీదా, ప్రతి డబ్బా మీదా హెచ్చరిక ఉండాలన్నారు. ఇంత సమగ్రమైన మద్యం లేబుల్ ప్రపంచంలో మాదే మొదటిదని చెప్పుకున్నారు. ఆ మాట నిజమే, చేసిన ధైర్యమూ చిన్నది కాదు. ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్ లాంటి ద్రాక్షసారా దేశాలు బ్రసెల్స్‌లో గగ్గోలు పెట్టినా వెనక్కి తగ్గలేదు. ఇటలీవాళ్లయితే ఇది మా భోజన సంప్రదాయం మీద దాడి అన్నారు. ఇక్కడిదాకా ఐర్లండ్ పక్షాన నేనూ చప్పట్లు కొట్టినవాణ్నే.

ఆ తర్వాత లేబుల్ చూశాను.

మద్యం తాగడం కాలేయ వ్యాధిని కలిగిస్తుంది అని ఒక వాక్యం. మద్యానికీ ప్రాణాంతక క్యాన్సర్లకూ ప్రత్యక్ష సంబంధం ఉంది అని రెండో వాక్యం. గర్భిణి బొమ్మ, దాని మీద అడ్డగీత. సీసాలో ఎన్ని గ్రాముల ఆల్కహాల్ ఉందో ఒక అంకె, ఎన్ని కెలోరీలో ఇంకో అంకె. మరిన్ని వివరాలకు askaboutalcohol.ie అని ఒక వెబ్ చిరునామా. ఇదీ సరుకు.

మొదటి వాక్యానికి వంక పెట్టలేం. ఎవరు, ఏం చేస్తే, ఏం వస్తుంది అన్నది ఒక్క ఊపిరిలో చెప్పింది. ఆ కలం పట్టినవాళ్లే పక్క వాక్యానికి వచ్చేసరికి ఎందుకు తడబడ్డారు? కాలేయానికి ‘కలిగిస్తుంది’, క్యాన్సర్‌కు మాత్రం ‘ప్రత్యక్ష సంబంధం’! మద్యం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే తేల్చి మొదటి వర్గంలో వేసింది. అంటే సైన్సులో మొహమాటం లేదు. మొహమాటం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే చట్టంలో పన్నెండో సెక్షన్ చూడాలి. మద్యానికీ ప్రాణాంతక క్యాన్సర్లకూ ఉన్న ప్రత్యక్ష సంబంధాన్ని ప్రజలకు తెలియజేసే ఉద్దేశంతో ఒక హెచ్చరిక ఉండాలి అని అక్కడ రాసి ఉంది. అది హెచ్చరిక కాదు, హెచ్చరిక ఒకటి రాయండి అనే ఆదేశం. ఆ ఆదేశంలోని మాటలనే కత్తిరించి తెచ్చి సీసాకు అంటించారు. ‘వరుడికి నచ్చిన వంట చేయవలెను’ అని పెద్దాయన చీటీ రాసిస్తే, వంటవాడు ఆ చీటీనే ఆకులో వడ్డించినట్టుంది వ్యవహారం.

దీనివల్ల ఎవరికి లాభం? ఫైలుకు. రేపు కోర్టులో ఎవరైనా నిలదీస్తే, చట్టంలో ఉన్న మాటే సీసా మీద ఉంది, చూసుకోండి అనవచ్చు. నష్టం ఎవరికి? ‘ప్రత్యక్ష సంబంధం’ అంటే ఏమిటో తేల్చుకోలేనివాడికి. సంబంధం అంటే చుట్టరికమా? చుట్టరికం ఉంటే ముప్పు నాకా, క్యాన్సర్‌కా? పైగా ‘ప్రాణాంతక క్యాన్సర్లు’ అన్నారు కాబట్టి ప్రాణాంతకం కానివాటితో సంబంధం లేదనుకునే తెలివైనవాడూ ఒకడు దొరుకుతాడు. అంతకంటే హాయిగా, రొమ్ముకు, గొంతుకు, పేగుకు క్యాన్సర్ తెస్తుంది అనవచ్చు. శరీరంలో ఒక చోటు పేరు చెబితే మనిషి చేయి అప్రయత్నంగా అక్కడికి పోతుంది. ‘ప్రత్యక్ష సంబంధం’ అంటే చేయి ఎక్కడికీ పోదు, గ్లాసు మీదే ఉంటుంది.

చదవలేనివాళ్లు ఐర్లండ్‌లో ఎందుకుంటారు అనుకునేవాళ్లకు ఒక మాట. జాయిస్, బెకెట్, షా పుట్టిన దేశమే అది. అభివృద్ధి చెందిన దేశాల్లో పెద్దల నైపుణ్యాల మీద జరిగే సర్వేలో, 2023 లెక్క ప్రకారం అక్కడి పెద్దల్లో 21 శాతం మంది చదవడంలో అట్టడుగు మెట్టు మీదో, ఇంకా కిందో ఉన్నారు. లెక్కల్లో 25 శాతం. వీళ్లు అక్షరం ముక్క రానివాళ్లు కారు. చిన్న వాక్యం చదువుతారు. రెండు చోట్ల ఉన్న సమాచారాన్ని కలిపి ఒక నిర్ణయానికి రమ్మంటే మాత్రం కాళ్లు తడబడతాయి. 1980 నుంచి అక్కడ జాతీయ వయోజన అక్షరాస్యతా సంస్థ పనిచేస్తోంది. సర్కారు కాగితాలు మామూలు మాటల్లో ఎలా రాయాలో నేర్పడం దాని పనుల్లో ఒకటి. అంటే చెప్పేవాళ్లు లేక కాదు.

ఆ నాలుగో వంతు మంది కోసమే కాబోలు, లేబుల్‌లో ఒక చక్కని లెక్క పెట్టారు. మద్యం ఎన్ని గ్రాములో చెప్పడం. ఒక ద్రాక్షసారా సీసా తీసుకుందాం. 750 మిల్లీలీటర్లు, 12.5 శాతం. అందులో ఆల్కహాల్ సుమారు 74 గ్రాములు. లేబుల్ మీద 74 అని ఉంటుంది. సరే, 74 ఎక్కువా, తక్కువా? అది లేబుల్‌కు తెలియదు. దానికి ఐర్లండ్ ఆరోగ్యశాఖవారి మార్గదర్శకం వెతకాలి. అక్కడ గ్రాములుండవు, ‘ప్రామాణిక డ్రింకు’లుంటాయి. వారంలో ఆడవాళ్లకు 11, మగవాళ్లకు 17 దాటకూడదు, రెండు రోజులైనా సీసా ముట్టకూడదు అని ఉంటుంది. ఒక ప్రామాణిక డ్రింకు అంటే 10 గ్రాములు. పక్కనున్న బ్రిటన్‌లో ‘యూనిట్’ అంటారు, అది 8 గ్రాములు. డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ రెండు గంటల ప్రయాణం. దారిలో ఎక్కడో రెండు గ్రాములు పోతాయి.

ఇప్పుడు 74ను పదితో భాగించండి, 7.4 వచ్చింది. ఇంట్లో పోసుకునే పెద్ద గ్లాసు 250 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే సీసాకు మూడు గ్లాసులు. గ్లాసుకు దాదాపు రెండున్నర డ్రింకులు. వారానికి 11 అంటే నాలుగు గ్లాసులు దాటి కొంచెం, మొత్తానికి సీసాన్నర. ఇంత చేస్తే వచ్చిన జవాబు ‘వారానికి సీసాన్నర’. ఆ ముక్క మొదటే చెప్పవచ్చు కదా! చెప్పకపోయినా ఫర్వాలేదు, సీసా బొమ్మ ఒకటి, దాని పక్కన సగం నింపిన సీసా బొమ్మ ఇంకొకటి, చుట్టూ వారానికి ఏడు చుక్కలు, అందులో రెండు ఖాళీ. మందు సీసా మీద డోసు గీతలు చూసి పిల్లలకు సిరప్ పోసే తల్లికి ఇది అర్థం కాకపోదు. మన దగ్గర లెక్క ఇంకా సులువు. క్వార్టర్, హాఫ్, ఫుల్ అనే కొలమానం బడి మొహం చూడనివాడికి కూడా కంఠతా వచ్చు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్, 42.8 శాతం విస్కీ అయితే అందులో ఆల్కహాల్ 60 గ్రాములు దాటుతుంది, ఐరిష్ లెక్కలో ఆరు డ్రింకులు. మగవాడికి వారం మొత్తానికి కేటాయించింది మూడు క్వార్టర్ల లోపే. శనివారం ఒక్క రాత్రిలో ఆ కోటా పూర్తిచేసే డబ్లిన్ సాఫ్ట్‌వేర్ తమ్ముళ్లకు భాగహారం రాక కాదులెండి.

విచిత్రం ఏమిటంటే ఇదే గ్రామును ఇదే సర్కారు ఒకసారి అద్భుతంగా వాడింది. 2022 జనవరి 4 నుంచి ఐర్లండ్‌లో గ్రాము ఆల్కహాల్‌ను 10 సెంట్ల కంటే తక్కువకు అమ్మడానికి వీల్లేదు. అదే 74 గ్రాముల సీసా 7 యూరోల 40 సెంట్లకు తక్కువ దొరకదు. ఇందులో కొనేవాడు చదవాల్సిందేమీ లేదు, భాగించాల్సిందేమీ లేదు. జేబులో చేయి పెట్టగానే అర్థమవుతుంది. డబ్బు వసూలు చేసే చోట లెక్క దుకాణంవాడు చేసిపెడతాడు, జాగ్రత్త చెప్పే చోట లెక్క తాగేవాడే చేసుకోవాలి.

‘అంకెలు వద్దు, అక్షరాలు వద్దు, బొమ్మ పెట్టండి, అందరికీ అర్థమవుతుంది’ అనేవాళ్లు ఈపాటికి చేయెత్తి ఉంటారు. ఐడెంటిటీ వ్యాపారంలో దీన్ని మించిన మూఢనమ్మకం లేదు. బొమ్మకు భాష లేదట! లేబుల్ మీది గర్భిణి బొమ్మనే చూడండి. గర్భిణి నీడ, దాని మీద అడ్డగీత. మీకు నాకు దాని అర్థం ‘గర్భంతో ఉన్నప్పుడు తాగవద్దు’. ఎందుకంటే అడ్డగీత అంటే నిషేధమని మనం రోడ్డు మీద, విమానంలో, ఆసుపత్రి గోడ మీద ముందే నేర్చుకున్నాం. ఆ బొమ్మను చదివే బడికి వెళ్లామన్నమాట. ఆ బడికి వెళ్లనివాళ్లు ఏం చదువుతారో బ్రెజిల్‌లో తెలిసింది. గర్భంలో శిశువులకు అవయవాలు రాకుండా చేసిన థాలిడోమైడ్ మందు అక్కడ కుష్టు రోగుల కోసం వాడకంలో ఉండేది. పెట్టె మీద అచ్చంగా ఇలాంటి బొమ్మే, అడ్డగీత కొట్టిన గర్భిణి. చూసిన కొందరు ఆడవాళ్లు అది గర్భం రాకుండా చేసే మాత్ర అనుకున్నారు, కొందరు గర్భం పోగొట్టేది అనుకున్నారు. బొమ్మ నిజంగానే అలా చెబుతోంది కూడా: గర్భం, దాని మీద కొట్టివేత. తప్పు చదివింది వాళ్లు కాదు.

సీసా మీద ఉన్న బొమ్మకు ఇంత ఘోరం జరగదని నేనూ అనుకుంటాను. అనుకోవడం కాక కనుక్కోవడానికి ఒక పద్ధతి ఉంది, అది రాకెట్ శాస్త్రమేమీ కాదు. అమెరికా భద్రతా గుర్తుల ప్రమాణం ప్రకారం బొమ్మను కనీసం 50 మందికి, అదీ దాన్ని వాడబోయే మనుషులకు, చూపించాలి. ‘అర్థమైందా’ అని అడగకూడదు. ఆ ప్రశ్నకు ప్రపంచంలో అందరూ ‘ఆ’ అనే అంటారు, చదువురాదని నలుగురిలో బయటపెట్టుకోవడం ఎవరికి ఇష్టం? ‘ఇదేం చెబుతోంది, దీన్ని చూశాక నువ్వేం చేస్తావు’ అని అడిగి, వాళ్ల మాటలు వాళ్లు అన్నట్టే రాసుకోవాలి. 85 శాతం మంది సరిగ్గా చెప్పాలి. అంతకంటే ముఖ్యం, అర్థాన్ని తలకిందులు చేసుకున్నవాళ్లు 5 శాతం మించకూడదు. పది మందిలో తొమ్మిది మంది సరిగ్గా చెప్పినా, పదో మనిషి థాలిడోమైడ్‌ను గర్భనిరోధక మాత్ర అనుకుంటే ఆ బొమ్మ ఫెయిలే.

నోటితో చెప్పించడం కూడా చాలదు. అమెరికాలో 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో, మందు సీసా మీద ‘రెండు మాత్రలు రోజుకు రెండుసార్లు’ అని ఉన్నదాన్ని చదువు తక్కువున్న రోగుల్లో 71 శాతం మంది చక్కగా అప్పజెప్పారు. ‘అయితే రోజుకు ఎన్నో లెక్కపెట్టి చూపించండి’ అంటే సరిగ్గా చూపినవాళ్లు 35 శాతమే. అంటే అప్పజెప్పినవాళ్లలో సగం మంది పాఠం చెప్పి పరీక్ష తప్పారు. మన ఆఫీసుల్లో జరిగేది దీనికంటే పొట్టి పరీక్ష. డిజైనరు, కార్యదర్శి, ఇద్దరు డాక్టర్లు, ఒక లాయరు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. బొమ్మ తెర మీద పడుతుంది. ‘స్పష్టంగా ఉంది’ అంటారు. అయిదుగురికి అయిదుగురు, నూటికి నూరు శాతం. ఆ బల్ల దగ్గర అడ్డగీత బడికి వెళ్లనివాడు ఒక్కడూ ఉండడు. టీ తెచ్చినవాణ్ని అడిగినా బాగుండేది.

ఈ లోపాలన్నీ నాకంటే ముందే కనిపెట్టి కన్నీరు పెట్టినవాళ్లు ఉన్నారు. వాళ్లే మద్యం వ్యాపారులు. వినియోగదారుడు గందరగోళపడతాడు, మితంగా తాగేవాడికీ అతిగా తాగేవాడికీ తేడా చెప్పలేదు, భయపెడితే ఫలితం ఉండదు, కాబట్టి అవగాహన కల్పించాలి అని వాపోయారు. ఒకటిన్నర శతాబ్దంగా ఒక్క అక్షరం అవసరం లేకుండా కోట్లమందికి అవగాహన కల్పిస్తున్న వృత్తినిపుణులు కనుక వాళ్ల మాట కొట్టిపారేయలేం. వాళ్ల దగ్గర స్పష్టమైన సందేశమూ ఉంది: ‘బాధ్యతగా తాగండి’. ఎంత బాధ్యత, ఎన్ని గ్రాములు, ఏ అవయవం, ఆ ప్రశ్నలకు తావే లేదు. క్రియ మాత్రం నిక్కచ్చిగా ఉంది, ‘తాగండి’.

భయం పనిచేయదన్నవాళ్లు కెనడాలోని యూకాన్ సంగతి మాత్రం గుర్తుచేయరు. 2017 నవంబరులో అక్కడి వైట్‌హార్స్ పట్టణంలో ప్రభుత్వ మద్యం దుకాణంలోని సీసాలకు పరిశోధకులు రంగురంగుల చీటీలు అతికించారు. పసుపు మీద, ఎర్ర అంచుతో. మద్యం క్యాన్సర్ తేగలదు, రొమ్ము క్యాన్సర్, పెద్దపేగు క్యాన్సర్‌తో సహా అని అవయవాల పేర్లతో చెప్పారు. ‘ప్రత్యక్ష సంబంధం’ లేదు. నెల తిరిగేసరికి మద్యం కంపెనీలు కేసులు వేస్తామనే సూచనలు పంపాయి, ప్రభుత్వం చీటీలు ఆపేసింది. తర్వాత మళ్లీ మొదలుపెట్టినా క్యాన్సర్ చీటీ మాత్రం తిరిగి రాలేదు. ఆ ప్రయోగం మొత్తం మీద లేబుల్ అంటించిన సరుకు అమ్మకాలు సుమారు ఏడు శాతం తగ్గాయని లెక్క తేలింది. నిజంగా అర్థంకాని చీటీ అయితే నెల రోజుల్లో తీయించాల్సిన అవసరం ఎవరికి? లేబుల్ పనిచేస్తుందో లేదో కనుక్కోవడానికి కంపెనీ లాయరు ముఖం చూడటం మంచి పద్ధతే.

నమ్మకం సంగతి ఇంకా మిగిలింది. అర్థమైనంత మాత్రాన నమ్మరు. సినిమాలో హీరో గ్లాసెత్తగానే తెర మూలన ‘మద్యపానం ఆరోగ్యానికి హానికరం’ అని రావడం మన ప్రేక్షకుడికి తెలుసు. అది చూసి గ్లాసు దింపినవాడు ఇంతవరకు నా ఎరుకలో లేడు. థియేటర్లో వచ్చే పొగాకు వ్యతిరేక ప్రకటన మాటలయితే జనానికి ఎంతగా నోటికొచ్చాయంటే, ‘ఈ నగరానికి ఏమైంది?’ అని 2018లో ఏకంగా ఒక సినిమాకే పేరయింది. బ్రాండ్ గుర్తింపు అంటే అదీ! నూటికి నూరు మంది గుర్తుపట్టారు, నవ్వుకున్నారు, ఇంటర్వెల్‌లో బయటికెళ్లి వెలిగించుకున్నారు. ఇక మన సీసాల మీద హెచ్చరికకు ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిర్ణయించిన అక్షరం ఎత్తు మూడు మిల్లీమీటర్లు, చిన్న సీసాలకు ఒకటిన్నర. అదీ ఇంగ్లిష్‌లో. రాష్ట్రం ఇష్టపడితే స్థానిక భాషలో వేసుకోవచ్చు. రాష్ట్రాలకు మాత్రం మద్యం ఆదాయం మీద ఇష్టం పడటానికే తీరిక చాలదు.

సర్కారు చెబితే నమ్మని జనం ఎవరు చెబితే నమ్మారో మన నెల్లూరు జిల్లాకు తెలుసు. 1980ల్లో సారాకు కూడా సర్కారే ఐడెంటిటీ తయారుచేసింది. ప్యాకెట్ సారా, పథకం పేరు ‘వారుణి వాహిని’. ఎంత కమ్మని పేరు! దాన్ని చదవగలిగినవాళ్లు సారా తాగేవాళ్లు కారు, తాగేవాళ్లకు చదవాల్సిన పని లేదు, ప్యాకెట్టు పళ్లతో చింపితే చాలు. అదే సర్కారు 1990ల మొదట్లో ‘అక్షర దీపం’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిపింది. రాత్రిపూట లాంతరు దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దే ఆడవాళ్ల వాచకంలో సీతమ్మ అనే ఆవిడ కథ ఉంది. మొగుడి తాగుడు సంసారాన్ని ఎలా తినేసిందో చెప్పే పాఠం. అందులో హెచ్చరిక లేదు, గుర్తు లేదు, నినాదం లేదు. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠాన్ని కూడబలుక్కుని చదివారు. ఇది మన ఇంటి సంగతే కదా అనుకున్నారు. వెళ్లి సారా దుకాణం మూయించారు. ఆ సంగతే తర్వాతి వాచకంలో ఇంకో పాఠమై పక్క ఊళ్లకు వెళ్లింది. అక్కడి దుకాణాలూ మూతపడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలిసింది ఈ ఉద్యమంతోనే.

అక్షరాస్యత అట్టడుగున ఉన్నవాళ్లకు అర్థమై, వాళ్లు నమ్మి, దాని మీద పనిచేసిన ప్రచారానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడైనా ఉందేమో నాకు తెలియదు. దానికి లోగో లేదు. రంగుల నిబంధనావళి లేదు. దాన్ని పరీక్షించిన బల్ల లాంతరు పెట్టిన బల్ల. అది ఎంత బాగా అర్థమైందో తెలుసుకోవడానికి శాతాలు అక్కర్లేదు. సారా ఆదాయం పోతోందని గ్రహించిన పాలకులు ఆ పాఠాలనే వెనక్కి తీసుకున్నారు. యూకాన్‌లో కంపెనీ చేసిన పని ఇక్కడ సర్కారే స్వయంగా చేసింది, మధ్యవర్తి ఖర్చు మిగిలింది.

ఐర్లండ్ దారి కూడా చివరికి అటే తిరిగింది. 2025 జూలైలో అక్కడి ప్రభుత్వం లేబుళ్లను 2028 సెప్టెంబరుకు వాయిదా వేసింది. కారణం కాలేయాల పరిస్థితి మెరుగుపడటం కాదు, అమెరికా సుంకాల భయం, ఎగుమతుల దిగులు. రెండో వాక్యం తిరగరాయడానికి, బొమ్మను 50 మందికి చూపించడానికి, గ్రాములను సీసాన్నరగా మార్చడానికి ఈ మూడేళ్లు వాడుకుంటామని అన్నారేమోనని వెతికాను. అనలేదు. సరుకు మారకుండా తేదీ మాత్రం మారింది.

ఈలోగా ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. 2026 గడువు నిజమేననుకుని కొన్ని కంపెనీలు ముందుగానే లేబుళ్లు అచ్చువేయించాయి. ఆ సీసాలు దుకాణాల్లోకి వచ్చేశాయి. వాటి పక్కనే, అదే అరలో, లేబుల్ లేని సీసాలూ ఉన్నాయి. కూడబలుక్కుని చదివే మనిషి ఒకడు ఆ అర ముందు నిలబడ్డాడనుకోండి. ఒక సీసా మీద కాలేయం, క్యాన్సర్ అనే మాటలు పోల్చుకున్నాడు. ఇంకో సీసా తిప్పి చూశాడు, అలాంటి మాటే లేదు. సర్కారు మీద పూర్తి నమ్మకం ఉన్నవాడు కాబట్టి, జబ్బు తెచ్చే సీసాను జాగ్రత్తగా అరలో పెట్టేసి, రెండోది కొనుక్కుని ఇంటికి పోతాడు.